చీర మారాలి, చెంప మారకూడదు: సెకండరీ కలర్ కరెక్షన్‌లో చేయవలసినవి, చేయకూడనివి

ఒక షార్ట్ ఫిల్మ్ డైరెక్టరు హార్డ్ డిస్క్ పట్టుకుని వచ్చాడు. కథలో రెండు వేర్వేరు రోజులు, షూటింగ్ మాత్రం ఒకే రోజు. హడావిడిలో హీరోయిన్ చీర మార్చడం మర్చిపోయారు. రెండు సీన్లలోనూ అదే కనకాంబరం రంగు పట్టుచీర.

"అన్నా, రెండో సీనులో ఉన్న పద్నాలుగు షాట్లలో చీర నెమలికంఠం రంగు అయిపోవాలి. గోడ కూడా కాస్త మార్చేస్తే వేరే గది అనుకుంటారు."

చూస్తే గోడ గంధం రంగు. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతోంది. చీర, గోడ, అమ్మాయి ఒంటి రంగు, మూడూ దగ్గరి చుట్టాలే. ఈ పనిలో ఇంతకంటే చిక్కైన కలయిక దొరకడం కష్టం. అందుకే ఆ పద్నాలుగు షాట్లనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మేం వాడింది డావిన్చీ రిజాల్వ్. వేరే సాఫ్ట్‌వేర్లలో బటన్ల పేర్లు మారతాయి గానీ, చిక్కులు మారవు.

ముందు చీరకీ చర్మానికీ మధ్య దూరం చూడండి

మనకు కనిపించేది చీర, చెంప, గోడ. సాఫ్ట్‌వేర్‌కి అవేవీ తెలియవు. దానికి తెలిసినవి ప్రతి చుక్కకీ మూడు సంగతులు: ఏ రంగు, ఆ రంగు ఎంత గాఢం, ఎంత వెలుగు. వీటినే హ్యూ, శాచురేషన్, లూమినెన్స్ అంటారు. హ్యూని వృత్తంలా ఊహించుకుంటే ఎరుపు 0 డిగ్రీల దగ్గర, పసుపు 60, ఆకుపచ్చ 120, నీలం 240 దగ్గర ఉంటాయి. మనుషుల చర్మం తెలుపైనా నలుపైనా ఈ వృత్తంలో సుమారు 10 నుంచి 30 డిగ్రీల మధ్యే పడుతుంది. చామనఛాయకీ పచ్చని ఛాయకీ ఉన్న తేడా చాలావరకు వెలుగులోనూ గాఢతలోనూ ఉంటుంది, హ్యూలో కాదు.

కాబట్టి చిలకపచ్చ చీరను మార్చమంటే అది టీ తాగేలోపు అయ్యే పని. 2000లో వచ్చిన కోయెన్ సోదరుల 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమాలో ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ మిసిసిపీ వేసవి పచ్చదనాన్నంతా డిజిటల్‌గా ఎండుగడ్డి రంగులోకి తిప్పించాడు. ఆకుపచ్చ చర్మానికి దూరంగా ఉండే రంగు కావడం అక్కడ కలిసొచ్చింది. కనకాంబరం, ఇటిక రంగు, తేనె రంగు, గంధం అలాంటివి కావు. కనకాంబరం దాదాపు చెంప ఉన్న చోటే కూర్చుంటుంది. ఈ రంగుల చీర వస్తే గంటల్లో చెప్పకండి, రోజుల్లో చెప్పండి.

చేరాల్సిన రంగు ఎంత దూరమో చూడకుండా ఒప్పుకోకండి

చీర ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడికి వెళ్లాలన్నదీ అంతే ముఖ్యం. దీన్ని చాలామంది పట్టించుకోరు. మనం ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా చీర అంచుల దగ్గర ఎంపిక ఒక్కసారిగా ఆగదు, మెత్తగా తగ్గుతూ పోతుంది. ఆ సన్నటి పట్టీలో సగం పాత రంగు, సగం కొత్త రంగు కలుస్తాయి. కనకాంబరానికి నెమలికంఠం వృత్తంలో దాదాపు ఎదురుగా ఉంటుంది. ఎదురెదురు రంగులు కలిస్తే బూడిద రంగు వస్తుంది. చీర మెడని తాకే చోట, జాకెట్టు చేతి అంచున, కుచ్చిళ్ల మధ్య ఒక మురికి గీత పుడుతుంది. చూసేవాళ్లకి అదేమిటో తెలియదు గానీ, ఏదో అతికించినట్టుందని మాత్రం అంటారు.

అదే కనకాంబరాన్ని రాణి రంగుకి తిప్పితే ప్రయాణం 40 డిగ్రీలు. మధ్యలో తగిలేవి గులాబీలూ ఎరుపులే. అంచులో ఏది కలిసినా బట్ట నీడలాగే ఉంటుంది. పొరపాటున చర్మానికి కాస్త తగిలినా అది ఎర్రబడుతుంది తప్ప పచ్చబడదు. పచ్చబడిన చెంపను ప్రేక్షకుడు క్షణంలో పట్టేస్తాడు.

ఆ డైరెక్టర్ని ఒకటే అడిగాను: "నెమలికంఠమే ఎందుకు తమ్ముడూ? కథలో దాని అవసరం ఉందా?" లేదు. వేరే రోజులా కనిపిస్తే చాలు. రాణి రంగుకి ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటతో సగం పని తప్పింది. మూడు రోజులు కూర్చుని అంచులు తుడవడం కంటే ముందు పది నిమిషాలు మాట్లాడుకోవడం నయం.

ఒప్పుకునే ముందు ఒక షాట్ చేసి చూపించండి. అయితే తేలికైన వైడ్ షాట్‌తో మొదలుపెట్టకండి. గడ్డం చీరను తాకే క్లోజప్ ఉంటుంది చూశారా, దాన్నే ముందు పట్టుకోండి. అది కుదిరితే మిగతావి వాటంతటవే వస్తాయి. అది కుదరకపోతే రంగు మీద నిర్ణయం మారాలి, ఆ సంగతి పదమూడు షాట్లు చేశాక తెలిస్తే ఏడుపొస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫైలు మీద చేయకండి

కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలే అడగండి. మామూలు 8-బిట్ 4:2:0 వీడియోలో వెలుగు వివరం ప్రతి చుక్కకీ ఉంటుంది గానీ, రంగు వివరం నాలుగు చుక్కలకి ఒకటే ఉంటుంది. కంటికి అది తెలియదు. రంగుని బట్టి ఎంచుకునే పనిముట్టుకి మాత్రం చీర అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. 10-బిట్ 4:2:2 అయితే అంచు చాలా శుభ్రంగా తెగుతుంది. ఇక మళ్లీ మళ్లీ కుదించిన ఫైల్లో రంగులు గళ్లు గళ్లుగా ముద్దకట్టి ఉంటాయి, అక్కడ ఎంత నేర్పు ఉన్నా లాభం లేదు.

నోడ్ల వరస తప్పనివ్వకండి

మొదటి నోడ్‌లో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సరిచేయండి. ఆ తర్వాతే చీర నోడ్. సినిమాకి ఇవ్వదలచుకున్న మొత్తం లుక్ చివర్న రావాలి. ఇది తిరగబడితే ఏమవుతుందంటే, వెచ్చగా చేసే లుక్ ఏదైనా చర్మాన్నీ కనకాంబరాన్నీ ఇంకా దగ్గరకు లాగేస్తుంది. ఉన్న కొద్దిపాటి తేడాని మనమే చెరిపేసి, ఆ తర్వాత తేడా వెతుక్కుంటాం.

ఇంకో సంగతి. చీరను ఎంచుకోవడం అయ్యాక మొదటి నోడ్‌ని మళ్లీ ముట్టుకోకండి. చీర నోడ్ తన ముందు నోడ్ నుంచి వచ్చిన రంగుల్ని చూసే ఎంపిక చేసుకుంది. ముందు నోడ్‌లో కాస్త వేడి పెంచినా ఆ ఎంపిక పక్కకి జరిగిపోతుంది, నిన్న బాగున్న చెంప ఇవాళ రాణి రంగులో మెరుస్తుంది. మార్పు అడిగితే చివరి నోడ్‌లో చేయండి.

హ్యూతో కాదు, గాఢతతో విడదీయండి

అసలు పని ఇక్కడ. క్వాలిఫయర్‌లో డ్రాపర్ తీసుకుని చీర మీద గీస్తే రిజాల్వ్ మూడు పట్టీల్లో హద్దులు పెడుతుంది. Shift+H నొక్కితే ఎంపికైన భాగం రంగులో, మిగతాది బూడిదలో కనిపిస్తుంది. మా షాట్‌లో మొదటిసారి నొక్కినప్పుడు చీరతోపాటు నుదురు, రెండు చెంపలు, ఒక చెయ్యి, సగం గోడ కూడా వెలిగాయి.

ఇలాంటప్పుడు చాలామంది హ్యూ పట్టీని ఇరుకు చేస్తూ పోతారు. హ్యూలో తేడా లేనప్పుడు అక్కడ ఎంత ఇరుకు చేసినా చెంపతోపాటు చీరా పోతుంది. తేడా ఉన్నది శాచురేషన్‌లో. పట్టుచీర రంగు గాఢం, చర్మం రంగు పలుచన, గోడ ఇంకా పలుచన. మేం హ్యూ పట్టీని కాస్త వదులుగానే ఉంచి, శాచురేషన్ కింది హద్దుని మెల్లగా పైకి జరిపాం. ముందు గోడ ఆరిపోయింది. ఇంకొంచెం జరిపితే చెంపలు ఆరాయి. దవడ కింద, మోచేతి మడతలో కొంత మిగిలింది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అయితే శాచురేషన్ కింది హద్దుని పెంచేకొద్దీ చీరలోనూ కన్నాలు పడ్డాయి. పట్టు మీద ఎండ తగిలి మెరిసే చోట్ల రంగు పలుచబడుతుంది, కుచ్చిళ్ల లోపలి నీడలో గాఢమవుతుంది. ఒకే చీర మూడు చీరల్లా ప్రవర్తిస్తుంది. ఇక్కడ చేయకూడనిది ఒకటుంది: ఆ కన్నాలు పూడ్చడానికి హద్దుల్ని మళ్లీ వెడల్పు చేయకండి. వెడల్పు చేసిన మరుక్షణం చెంప తిరిగొస్తుంది. దాని బదులు చీర ఎండ భాగానికి ఒక నోడ్, నడిమి భాగానికి ఒకటి, నీడకి ఒకటి పెట్టండి. మూడు చిన్న వలలు ఒక పెద్ద వల కంటే మేలు. మరీ తెల్లగా మెరిసే చుక్కల్ని వదిలేయండి. పట్టు మీద ఎండ మెరుపు ఏ చీరకైనా దాదాపు తెల్లగానే ఉంటుంది. దానికీ రంగు పూస్తే పట్టు కాస్తా ప్లాస్టిక్ అవుతుంది.

Matte Finesse పట్టీలో Clean Black, Clean White ఉంటాయి. మొదటిది బయట మిగిలిన చెత్తని ఊడ్చేస్తుంది, రెండోది లోపలి చిన్న కన్నాల్ని పూడుస్తుంది. రెండూ కొంచెం కొంచెమే వాడండి. Blur Radius జోలికి చివర్న వెళ్లండి. అంచులు బాగాలేవని దాన్ని బాగా పెంచేస్తే చీర రంగు మెడ మీదికి పొగలా పాకుతుంది.

జరీని మర్చిపోకండి. బంగారు జరీ పసుపు వైపు ఉంటుంది కాబట్టి హ్యూ పట్టీ పసుపు వైపు హద్దుని దగ్గరకు తెస్తే తప్పుకుంటుంది. జరీకి కూడా రాణి రంగు పట్టిందంటే అది చీరలా కాదు, హోలీలో తడిసిన బట్టలా ఉంటుంది.

రంగుకి తోడు చోటుతో కూడా కంచె వేయండి

రంగుతో ఎంత జాగ్రత్తగా విడదీసినా బొట్టు, పెదవులు, పాపిట్లో కుంకుమ మిగిలిపోతాయి. అవి చర్మం కంటే గాఢమైన రంగులు. శాచురేషన్ కంచెని అవి దాటుకుని వస్తాయి. కాబట్టి ముఖం మొత్తాన్ని ఒక పవర్ విండోతో చుట్టి చీర నోడ్‌లోంచి తీసేయండి. అంచు మెత్తగా ఉండాలి, కానీ గడ్డం కింద మాత్రం బిగువుగా ఉండాలి. ఆ విండోని Ctrl+T తో ట్రాక్ చేయండి.

చేతులకీ నడుముకీ విండోలు గీసుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అక్కడ ఇంకో పద్ధతి ఉంది. చీర నోడ్ మీద ఉండి Alt+L నొక్కితే దాని కింద ఒక లేయర్ నోడ్ వస్తుంది, రెండూ ఒక లేయర్ మిక్సర్‌లో కలుస్తాయి. రిజాల్వ్‌లో కింద ఉన్న నోడ్‌దే పైచేయి. ఆ కింది నోడ్‌లో చర్మాన్ని ఎంచుకుని ఇంకేమీ చేయకుండా వదిలేయండి. పై నోడ్ చేతి మీద ఏ అల్లరి చేసినా, కింది నోడ్ అసలు చర్మాన్ని తెచ్చి దానిమీద పరుస్తుంది. చర్మాన్ని ఎంచుకునేటప్పుడు చీరలోని పలుచటి భాగాలు దాంట్లోకి రాకుండా చేతుల చుట్టూ ఒక పెద్ద వదులు విండో పెడితే చాలు.

ట్రాకర్‌ని నమ్మి వెళ్లిపోకండి. మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ బాగున్నంత మాత్రాన మధ్యలో బాగున్నట్టు కాదు. చెయ్యి ముఖానికి అడ్డొచ్చే చోట, ఆమె తల తిప్పే చోట, కొంగు సర్దుకునే చోట ఆపి చూడండి. విండో జారిపోతే ట్రాకర్‌ని Frame మోడ్‌లోకి మార్చి ఆ కొద్ది ఫ్రేముల్లో చేత్తో సరిచేయాలి.

గడ్డం కింద పాత చీర వెలుగు ఉందేమో చూడండి

చీర మారింది, చెంపకి ఏమీ కాలేదు, అయినా ఏదో తేడాగా ఉంది. ఇది మాకు రెండో షాట్‌లో ఎదురైంది. కారణం దవడ. ఎండలో పట్టుచీర అద్దంలా పనిచేస్తుంది, తన రంగుని గడ్డం కిందికీ మెడకీ మోచేతి లోపలికీ చిమ్ముతుంది. శాచురేషన్ కంచె దగ్గర మిగిలిపోయిన ఆ దవడ ముక్క ఇదే. అక్కడ ఉన్నది నిజంగా చర్మమే, కానీ కనకాంబరం వెలుగులో తడిసిన చర్మం. ఇప్పుడు రాణి రంగు చీర కట్టుకున్న అమ్మాయి మెడ మీద కనకాంబరం వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

దీన్ని చీర నోడ్‌తో లాగేయకండి. చర్మం మీద రాణి రంగు పూర్తిగా పడితే కమిలిన దెబ్బలా ఉంటుంది. వేరే నోడ్ తీసుకుని, గడ్డం కింద మెత్తటి విండో పెట్టి, Hue vs Sat వంపులో నారింజ భాగాన్ని కొద్దిగా దించండి. మేం పదో వంతుకి కాస్త ఎక్కువగా దించాం. దానితోనే సరిపోయింది. కొత్త చీర వెలుగుని మెడ మీద సృష్టించాలన్న ఉత్సాహం కొందరికి వస్తుంది. వద్దు. లేని వెలుగుని ఎవరూ అడగరు, తప్పు వెలుగుని మాత్రం అందరూ చూస్తారు. నెమలికంఠం ఒప్పుకోకపోవడం ఇక్కడ ఇంకోసారి కలిసొచ్చింది: నీలం చీర పక్కన నారింజ వెలుగున్న మెడని కొద్దిగా దించితే సరిపోయేది కాదు.

రంగు తిప్పడం ఒక్కటే చాలనుకోకండి

రిజాల్వ్‌లో Hue అంకె 50 దగ్గర మొదలవుతుంది, 0 నుంచి 100 వరకూ ఒక పూర్తి చుట్టు. అంటే ఒక అంకెకి 3.6 డిగ్రీలు. మా 40 డిగ్రీలకి అది సుమారు 11 అంకెలు. తిప్పగానే చీర రాణి రంగు కాలేదు, పిల్లల మిఠాయి గులాబీ అయింది. కనకాంబరం వెలుగైన రంగు, రాణి రంగు అంతకంటే ముదురు. అందుకని గామాని కొంచెం దించాం, నీడలు కూడా లోతయ్యాయి. తెల్ల చీర, నల్ల చీరల విషయంలో ఈ తిప్పుడు అసలు పనిచేయదు. వాటిలో తిప్పడానికి రంగే ఉండదు. తెల్ల చీరకి రంగు పైన పూయాలి, నల్ల చీరని వదిలేయాలి.

చర్మానికి ఏమీ కాలేదని కంటితో కాదు, అంకెతో తేల్చుకోండి

గంటసేపు ఒకే ఫ్రేము చూసిన కన్ను అబద్ధం చెబుతుంది. రెండు పరీక్షలు చేయండి.

మొదటిది, చీర నోడ్‌లో Hue ని కాసేపు పూర్తిగా అవతలి కొసకి తిప్పేసి, శాచురేషన్ బాగా పెంచి, షాట్ మొత్తం ఆడించండి. ఎక్కడ రంగు కారుతున్నా చెవి తమ్మె మీద, వేళ్ల సందుల్లో ఆకుపచ్చ నీలి మచ్చలుగా మెరుస్తుంది. రాణి రంగులో దాక్కున్నవన్నీ ఇందులో బయటపడతాయి. సరిచేసుకున్నాక అంకెల్ని మళ్లీ పాత చోటికి తెచ్చుకోండి.

రెండోది, వ్యూయర్ మీద రైట్ క్లిక్ చేసి Show Picker RGB Value పెట్టుకుని, ఒకే ఫ్రేములో నుదురు, చెంప, పెదవి, చెయ్యి మీద అంకెలు రాసుకోండి. Ctrl+D తో చీర నోడ్‌ని ఆపి మళ్లీ చూడండి. అంకెలు అవే ఉండాలి. ఒకటి రెండు మారితే కంచె ఎక్కడో పలుచగా ఉందని అర్థం. దవడ దగ్గర మాత్రం మనం కావాలని మార్చిన నోడ్ వేరే ఉంది కాబట్టి దాన్నీ ఆపి పోల్చుకోవాలి.

గోడ కదలదు కదా అని తేలిగ్గా తీసుకోకండి

గోడకి రంగుతో పెద్దగా పనిలేదు, విండోతో పని. గోడకి విండో గీసి, అమ్మాయిని దాంట్లోంచి తీసేయాలి. తీసేయడానికి పైన చెప్పిన చర్మం, చీర ఎంపికలే పనికొస్తాయి. చిక్కు జుట్టు దగ్గర వస్తుంది. ఎగిరే వెంట్రుకల మధ్య, పూలదండ రేకుల మధ్య గోడ కనిపిస్తూ ఉంటుంది, అక్కడ పాత గంధం రంగు మిగిలితే తల చుట్టూ ప్రభలా ఉంటుంది. గోడని కొంచెమే జరిపితే ఈ ప్రభ కనిపించదు. మేం గంధం నుంచి లేత పాలపిట్ట రంగుకి వెళ్లే ప్రయత్నం చేసి, ఒక గంట తర్వాత వెనక్కొచ్చి, గోడని కాస్త పలుచన చేసి కాస్త నీడలోకి దించి ఆపేశాం. వేరే గది అనిపించడానికి అది చాలింది.

అమ్మే చీర రంగు మార్చకండి

బట్టల షాపు ప్రకటనకి ఈ పని అడిగితే ఒకసారి ఆలోచించండి. ఒకే చీరని షూట్ చేసి నాలుగు రంగుల్లో చూపించమంటారు. ఆ నాలుగు రంగుల అసలు చీరలు ముందు పెట్టుకుని, వాటి పక్కన సరిపోల్చుకుంటూ చేస్తేనే చేయండి. లేకపోతే తెరమీద చూసిన వంగపండు రంగు డబ్బాలో రాదు, చీర కొన్నవాళ్లు మోసపోతారు. ఇదే పనిలో "ఆ అమ్మాయి మొహం కూడా కాస్త తెల్లగా" అని పక్కనుంచి ఒక మాట వినిపిస్తుంది. చీర నోడ్‌లో చర్మానికి చోటు లేదని చెప్పి ఆ మాటని అక్కడే ఆపేస్తాను.

పద్నాలుగు షాట్లలో పదమూడు అయ్యాయి. తొమ్మిదో షాట్‌లో ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటుంది. కొంగు పలుచన, దానిలోంచి చెంప కనిపిస్తుంది. ప్రతి చుక్కలోనూ సగం చీర, సగం చర్మం. దాన్ని విడదీయడానికి ఏ కంచే లేదు. అర పూట పెనుగులాడాక డైరెక్టర్ని పిలిచి చూపించాను. ఎడిటింగ్‌లో వెతికితే అదే క్షణం వెనక నుంచి తీసిన షాట్ దొరికింది, అందులో జడా వీపూ మాత్రమే కనిపిస్తున్నాయి. తొమ్మిదో షాట్ తీసేసి దాన్ని పెట్టుకున్నారు.